4.4 ఇంటి ఒత్తిడి, నెమరువేత, పరీక్షల ఆందోళన: మధ్యవర్తిత్వ, మోడరేషన్ విశ్లేషణ ఫలితాలు

ఈ విభాగం మూడు పరికల్పనలను పరీక్షిస్తుంది. ఇంటి నుంచి వచ్చే ఒత్తిడికి, పరీక్షల ఆందోళనకు ఉన్న సంబంధం కొంతవరకు నెమరువేత ద్వారా, అంటే జరిగిపోయినదాన్నే మనసులో పదేపదే తిప్పుకోవడం ద్వారా నడుస్తుందన్నది మొదటిది (ప1). స్నేహితుల ఆసరా ఎక్కువగా ఉన్నవారిలో ఒత్తిడికీ నెమరువేతకూ ఉన్న సంబంధం బలహీనంగా ఉంటుందన్నది రెండోది (ప2). ఈ రెండూ కలిస్తే, పరోక్ష ప్రభావపు పరిమాణమే ఆసరాను బట్టి మారుతుందన్నది మూడోది (ప3).

4.4.1 దత్తాంశాల తయారీ

హనుమకొండ, కాజీపేట, నర్సంపేట, జనగామల్లోని నాలుగు రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలల్లో 2024 నవంబర్ 18 నుంచి డిసెంబర్ 14 వరకు 340 ప్రశ్నావళులు పంచగా 327 తిరిగి వచ్చాయి. వాటిలో 8 మంది మొదటి పేజీ నుంచి చివరి దాకా ఒకే గడిలో టిక్ పెట్టారు. 7 మంది ఏదో ఒక మాపనిని పూర్తిగా వదిలేశారు. ఈ 15 తీసేయగా మిగిలిన 312 మందిపైనే కింది లెక్కలన్నీ జరిగాయి. అక్కడక్కడ ఒకటి రెండు ప్రశ్నలు మాత్రమే వదిలిన చోట, ఆ విద్యార్థి అదే మాపనిలో ఇచ్చిన మిగతా జవాబుల సగటును వాడాం.

పరీక్షల ఆందోళనకు స్పీల్‌బెర్గర్ 20 అంశాల మాపని (20–80) తెలుగు అనువాదం తీసుకున్నాం. ఇందులో మొదటి అంశం ధీమాను, నిబ్బరాన్ని అడుగుతుంది కాబట్టి దాన్ని తిరగేసి లెక్కించాలి. తొలి పరుగులో అది జరగక ఆల్ఫా 0.87 వచ్చింది. ఆ ఒక్క అంశానికే మొత్తంతో సహసంబంధం రుణాత్మకంగా కనిపించడంతో పొరపాటు బయటపడింది, సరిచేశాక 0.91. ఆల్ఫా 0.87 ఉన్నా చాలుననుకుని ముందుకు పోయి ఉంటే ఈ తప్పు చివరిదాకా దాగి ఉండేది. ఇంటి ఒత్తిడి మాపనిలోని 8 అంశాలను ప్రాథమిక పరీక్ష తర్వాత ఇక్కడి మాటలోకి మార్చాం. ఉదాహరణకు, “ఇంటికి ఫోన్ చేస్తే ముందుగాల మార్కులే అడుగుతరు.” దీని ఆల్ఫా 0.84. నెమరువేత 10 అంశాలకు 0.81, స్నేహితుల ఆసరా 4 అంశాలకు 0.88.

పట్టిక 4.6: సగటులు, ప్రామాణిక విచలనాలు, సహసంబంధాలు (N = 312)

| చరరాశి | సగటు | ప్రా. వి. | 1 | 2 | 3 |
|---|---|---|---|---|---|
| 1. ఇంటి ఒత్తిడి (1–5) | 3.21 | 0.82 | | | |
| 2. నెమరువేత (1–4) | 2.38 | 0.56 | 0.41 | | |
| 3. స్నేహితుల ఆసరా (1–7) | 4.86 | 1.24 | −0.14 | −0.22 | |
| 4. పరీక్షల ఆందోళన (20–80) | 46.72 | 10.94 | 0.36 | 0.52 | −0.19 |

4.4.2 విశ్లేషణ పద్ధతి

SPSSలో PROCESS 4.2 మాక్రో వాడాం. ప1కి మోడల్ 4, ప2, ప3లకు మోడల్ 7. ఇచ్చిన ఆదేశాలు ఇవి:

```
process y=anx/x=press/m=rumin/model=4
 /total=1/stand=1/boot=10000/seed=30517.
process y=anx/x=press/m=rumin/w=support
 /model=7/center=1/moments=1/jn=1
 /boot=10000/seed=30517.
```

పరోక్ష ప్రభావం రెండు గుణకాల లబ్ధం (a×b). గుణకాలు విడివిడిగా సాధారణ వితరణకు దగ్గరగా ఉన్నా, వాటి లబ్ధం ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకే సోబెల్ పరీక్షలోలాగా సమాన దూరంలో హద్దులు గీయకుండా, 312 మందిలోంచి పునఃస్థాపనతో 10,000 సార్లు నమూనా తీసి, వచ్చిన విలువల్లో 2.5, 97.5 పర్సెంటైళ్లను హద్దులుగా తీసుకున్నాం. పక్షపాతం సరిదిద్దిన బూట్‌స్ట్రాప్‌ను కావాలనే వాడలేదు: ఒక దారి నిజంగా సున్నా అయినప్పుడు అది లేని ప్రభావాన్ని ఉందని చెప్పే ప్రమాదం ఎక్కువ. seed విలువ ఇవ్వకపోతే ప్రతి పరుగులోనూ హద్దులు కొద్దిగా జరుగుతాయి, పట్టికకూ అనుబంధానికీ పొంతన ఉండదు. మరో రెండు seed విలువలతోనూ నడిపి చూస్తే హద్దులు రెండో దశాంశ స్థానంలోనే మారాయి.

హద్దుల మధ్య సున్నా లేకపోతేనే ప్రభావం ఉన్నట్టు భావించాం. పరోక్ష ప్రభావాలకు p విలువ ఇవ్వలేదు. గుణకాలన్నీ ప్రామాణీకరించనివి, ప్రామాణీకరించినవైతే అక్కడే చెప్పాం.

4.4.3 మధ్యవర్తిత్వం (ప1)

ఇంటి ఒత్తిడి ఎక్కువైనకొద్దీ నెమరువేత ఎక్కువగా ఉంది: a = 0.280, ప్రామాణిక దోషం 0.035, t(310) = 7.91, p < .001, 95% విశ్వాస అంతరం [0.210, 0.350], R² = 0.168. ఒత్తిడిని స్థిరంగా ఉంచినప్పుడు నెమరువేత ఆందోళనను సూచించింది: b = 8.745, ప్రామాణిక దోషం 1.022, t(309) = 8.56, p < .001, [6.73, 10.76]. ఈ రెండో సమీకరణం ఆందోళనలోని తేడాల్లో 29.6 శాతాన్ని వివరించింది, F(2, 309) = 65.05, p < .001.

మొత్తం ప్రభావం c = 4.80 [3.41, 6.19]. నెమరువేతను చేర్చాక ప్రత్యక్ష ప్రభావం c′ = 2.35 [0.98, 3.73], p < .001. పరోక్ష ప్రభావం 2.45, బూట్‌స్ట్రాప్ ప్రామాణిక దోషం 0.43, 95% అంతరం [1.67, 3.35], ప్రామాణీకరించిన రూపంలో 0.18 [0.13, 0.25]. అంతరంలో సున్నా లేదు కాబట్టి ప1కి మద్దతు దొరికింది. మామూలు మాటల్లో: ఇంటి ఒత్తిడిలో ఒక పాయింటు తేడా ఉన్న ఇద్దరు విద్యార్థుల మధ్య, నెమరువేత గుండా వచ్చే ఆందోళన తేడా సుమారు రెండున్నర పాయింట్లు. 60 పాయింట్ల వ్యాప్తి ఉన్న మాపనిపై ఇది పెద్దదేమీ కాదు, తీసిపారేయదగినదీ కాదు.

ఇక్కడ ‘పాక్షిక’, ‘సంపూర్ణ’ మధ్యవర్తిత్వం అన్న పేర్లు వాడలేదు. ఆ విభజన c′ సార్థకతపై ఆధారపడుతుంది. నమూనా చిన్నదైతే c′ సార్థకత కోల్పోయి, అదే ప్రభావం ‘సంపూర్ణం’గా కనిపిస్తుంది. పరోక్ష ప్రభావం మొత్తంలో ఎంత శాతమో కూడా చెప్పలేదు, ఈ పరిమాణపు నమూనాల్లో ఆ నిష్పత్తికి నిలకడ తక్కువ.

4.4.4 స్నేహితుల ఆసరా మోడరేషన్ (ప2)

పట్టిక 4.7: నెమరువేతను సూచించే సమీకరణం (ఒత్తిడి, ఆసరా సగటు వద్ద కేంద్రీకరించినవి)

| అంశం | గుణకం | ప్రా. దోషం | t | p | 95% అంతరం |
|---|---|---|---|---|---|
| ఇంటి ఒత్తిడి | 0.264 | 0.035 | 7.59 | < .001 | [0.196, 0.333] |
| స్నేహితుల ఆసరా | −0.075 | 0.023 | −3.26 | .001 | [−0.120, −0.030] |
| ఒత్తిడి × ఆసరా | −0.079 | 0.028 | −2.87 | .004 | [−0.133, −0.025] |

R² = 0.216, F(3, 308) = 28.29, p < .001. లబ్ధ పదం అదనంగా వివరించింది 2.1 శాతమే: ΔR² = 0.021, F(1, 308) = 8.25, p = .004. ఈ సంఖ్యను దాచకుండా ముందే చెప్పడం అవసరం, ఎందుకంటే గ్రాఫులో వాలు గీతలు చూసినవారికి తేడా దీనికంటే పెద్దదిగా అనిపిస్తుంది. కేంద్రీకరించడం వల్ల లబ్ధ పదం గుణకం గానీ దాని p గానీ మారవు. మారేది మొదటి రెండు వరుసల అర్థం: 0.264 అన్నది ఆసరా సగటుగా (4.86) ఉన్న విద్యార్థికి వర్తించే వాలు మాత్రమే, అందరికీ వర్తించే ‘ప్రధాన ప్రభావం’ కాదు.

ఆసరా తక్కువగా (సగటు కంటే ఒక ప్రామాణిక విచలనం కింద, 3.62) ఉన్నవారిలో ఒత్తిడి వాలు 0.362 [0.266, 0.458], ఎక్కువగా (6.10) ఉన్నవారిలో 0.166 [0.070, 0.262]. రెండూ సున్నాకు పైనే ఉన్నాయి. జాన్సన్–నేమన్ పద్ధతిలో వాలు సార్థకత పోయే హద్దు కేంద్రీకరించిన స్కేలుపై 1.82. PROCESS ఇచ్చే ఈ విలువను అలాగే రాస్తే 1–7 మాపనిలో 1.82 అని పొరబడతారు, సగటు 4.86 కలిపితే అసలు హద్దు 6.68. దానికి పైన ఉన్నది 22 మంది. అంటే ఆసరా ఒత్తిడి పదునును తగ్గిస్తుంది తప్ప, దాదాపు ఎవరిలోనూ తుడిచేయదు. ప2కి ఈ పరిమితితో మద్దతు దొరికింది.

4.4.5 షరతుతో కూడిన పరోక్ష ప్రభావాలు (ప3)

మోడల్ 7లో b దారి మారదు (8.745), మారేది a మాత్రమే. ఆసరా తక్కువగా ఉన్నప్పుడు పరోక్ష ప్రభావం 3.17 [2.14, 4.36], సగటు వద్ద 2.31 [1.56, 3.17], ఎక్కువగా ఉన్నప్పుడు 1.45 [0.57, 2.39].

పై మూడు అంతరాల్లో ఏదీ సున్నాను తాకలేదు. ఒకటి తాకి మరొకటి తాకకపోయినా, అది వాటి మధ్య తేడాకు రుజువు కాదు. తేడాను నేరుగా పరీక్షించేది మోడరేటెడ్ మధ్యవర్తిత్వ సూచిక: −0.69, బూట్‌స్ట్రాప్ ప్రామాణిక దోషం 0.25, 95% అంతరం [−1.22, −0.21]. ఆసరా ఒక పాయింటు పెరిగితే పరోక్ష ప్రభావం 0.69 తగ్గుతుంది. ప3 నిలిచింది.

4.4.6 ఫలితాల నిలకడ

నర్సంపేట కళాశాలలో ప్రశ్నావళులు నింపింది తల్లిదండ్రులు చూడటానికి వచ్చిన ఆదివారం మర్నాడు. ఆ రోజు ఇంటి ఒత్తిడి స్కోర్లు మిగతాచోట్ల కంటే ఎక్కువగా వచ్చి ఉండవచ్చు. అందుకని మూడు డమ్మీ చరరాశులతో కళాశాలను, వాటితోపాటు లింగం, ఇంటర్ సంవత్సరాన్ని నియంత్రించి మళ్లీ నడిపాం: సూచిక −0.65 [−1.19, −0.17]. వైషమ్యానికి తట్టుకునే HC3 ప్రామాణిక దోషాలతో లబ్ధ పదం p = .009. ఆసరా b దారిని కూడా మారుస్తుందేమో చూస్తే ఆధారం దొరకలేదు: −0.71, ప్రామాణిక దోషం 0.79, p = .37.

తిరగేసిన నమూనా ఫలితం మాత్రం తేలిగ్గా దాటేసేది కాదు. ఆందోళనను మధ్యవర్తిగా, నెమరువేతను ఫలితంగా పెట్టినప్పుడూ పరోక్ష ప్రభావం 0.105 [0.07, 0.15], సున్నాకు పైనే. చరరాశులన్నీ ఒకే రోజు, ఒకే విద్యార్థి నోటి నుంచి కొలిచినవి. నెమరువేత ఆందోళనకు దారితీస్తుందా, ఆందోళనే నెమరువేతను పెంచుతుందా అన్నది ఈ దత్తాంశం తేల్చలేదు. బూట్‌స్ట్రాప్ అంతరం ఎంత ఇరుకుగా ఉన్నా ఆ ప్రశ్నకు జవాబివ్వదు. కాబట్టి ఈ అధ్యాయంలో ‘ప్రభావం’ అన్న మాటను గణాంక పదంగానే చదవాలి. స్టడీ అవర్లలో తోటివారి ఆసరా కార్యక్రమాలు పెడితే ఆందోళన తగ్గుతుందని ఈ సంఖ్యల ఆధారంగా సిఫారసు చేయలేం. దానికి సెప్టెంబర్, డిసెంబర్, ఫిబ్రవరిల్లో అదే విద్యార్థులను మూడుసార్లు కొలిచే అధ్యయనం కావాలి.