చింతకొమ్మ మీది ముడి

పాలస్తీనా,
సెప్టెంబరు 28, 1918.

చిరంజీవి రాజమ్మను అన్నయ్య ఆశీర్వదించి వ్రాయునది. నేను క్షేమము.

ఈ ఉత్తరాన్ని తపాలాలో వేయడం లేదు. వేస్తే దొరలు చదివి ఊళ్ల పేర్లన్నీ సిరాతో కొట్టివేస్తారు. చేతికి దెబ్బ తగిలి స్వదేశానికి వస్తున్న తోటి సవారు దీనిని స్వయంగా తెచ్చి ఇస్తాడు. అతనికి అమ్మ చేత భోజనం పెట్టించు.

హైఫా అనే రేవు పట్టణం ఈ నెల 23న మన దళానికి చిక్కిన వార్త ఈపాటికి అఫ్జల్‌గంజ్ దాకా వచ్చి ఉంటుంది. హైదరాబాదు రిసాలా గుర్రాలు దౌడు తీశాయని బజారులో చెప్పుకుంటే నువ్వు నమ్మవద్దు. మా బ్రిగేడులో మూడు సంస్థానాల రిసాలాలు ఉన్నాయి. ఒకవైపు కార్మెలు కొండ, మరోవైపు కాలు పెడితే కూరుకుపోయే కిషోను ఏటి బురద ఉండగా, నడుమ బల్లేలు పట్టి మిషన్‌గన్నులకు ఎదురువెళ్లినవారు జోధ్‌పూరు, మైసూరు సవార్లు. జోధ్‌పూరు మేజరు దల్‌పత్ సింగ్ గారు ఆ పోరులోనే ప్రాణం విడిచారు. మేము వెనుక పట్టుబడినవారికి కాపలా ఉన్నాము. మొదట నాకు సిగ్గువేసింది. ఇప్పుడు అంతగా లేదు.

ఆ ఖైదీలలో మీసమైనా సరిగా రాని తురుష్క కుర్రవాడొకడు నీళ్ల తోలుసంచి చూడగానే రెండు చేతులూ చాచాడు. అతని మణికట్టుకు ఒక పాతగుడ్డ ముడివేసి ఉంది. ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో అడగడానికి నాకు భాష రాదు. కానీ ఆ ముడి చూడగానే, పదేళ్ల కిందట సరిగ్గా ఇదే తేదీన మూసీ పొంగినప్పుడు, ఆసుపత్రి తోటలోని చింతచెట్టు మీద నువ్వు జారిపోకుండా అమ్మ తన చీరకొంగు చింపి నిన్ను కొమ్మకు కట్టిన ముడి గుర్తుకు వచ్చింది. నీకప్పుడు ఐదేళ్లు, జ్ఞాపకం ఉండదు. కింద నీళ్లలో నాన్న ఇంకొకరి బిడ్డను పైకి అందించడం నేను చూశాను. ఆ బిడ్డ కొమ్మ మీదికి చేరింది, నాన్న చేరలేదు. ఈ మాట అమ్మకు ఇన్నేళ్లూ చెప్పలేకపోయాను. ఇల్లు విడిచి వచ్చిన వెనుకనే నీకు వ్రాసే ధైర్యం కలిగింది. తగిన సమయం చూసి నువ్వే చెప్పు.

కుర్రవాడికి నా వంతు నీళ్లు కూడా ఇచ్చాను. జమాదారు కేకలు వేశాడు, కానీ సంచి లాక్కోలేదు.

మరో వారంలో బతుకమ్మ వస్తుంది. నాన్న తిథి కూడా ఆ రోజులలోనే పడుతుందని అమ్మ నిన్ను ఆటకు పంపడం మానివేసింది. ఈ సంవత్సరం ఉత్తరం చేరేసరికి పండుగ దాటిపోతుంది కనుక, వచ్చే ఏడాదికి ఇప్పుడే చెబుతున్నాను: తంగేడు పూలు తెచ్చి ఆడుకో, అన్నయ్య ఆడమన్నాడని అమ్మతో అను.

సవారు చేతికి ఇరవై కల్దారు రూపాయలు ఇచ్చాను. హాలీ సిక్కాలోకి మార్చేటప్పుడు సాహుకారు బట్టా మినహాయించకుండా చూసుకో.

ఇట్లు,
నీ అన్నయ్య