చిట్టి వర్క్‌షీట్లు: నవంబరు 10 నుంచి 15 వరకు (సుజీకి)

సుజీ, నేను హైదరాబాదు నుంచి వచ్చేదాకా చిట్టి ఇంటి చదువు నీ చేతిలోనే. షీట్లన్నీ డైనింగ్ టేబుల్ పక్క నీలం ఫైల్లో రోజువారీగా పెట్టాను. ఇది వాటితో పాటు చదువుకో. జవాబులు కూడా ఇందులోనే ఉన్నాయి, కాబట్టి దాని కంటపడనివ్వకు.

రోజూ ఉదయం టిఫిన్ అయ్యాక తొమ్మిదిన్నరకి మొదలు. ఒక షీటు, ముప్పావు గంట. గంట దాటితే ఎక్కడున్నా ఆపెయ్. మిగిలినవి రేపటి షీటు చివర కలుపు. దాన్ని కూర్చోబెట్టి రెండు గంటలు లాగడం వల్ల ఏమీ రాదు, ఇద్దరికీ తలనొప్పి తప్ప.

షీట్లో పది ప్రశ్నలుంటాయి: అయిదు ఈ వారం కొత్త పాఠం నుంచి, మూడు పోయిన వారానివి, రెండు బాగా పాతవి, అంటే సెప్టెంబరువో వేసవివో. ఏది ఏ పాఠంలోదో షీటు మీద రాయలేదు, కావాలనే. "పిన్నీ, ఇది క.సా.గు. లెక్కా, గ.సా.భా. లెక్కా?" అని మెల్లగా అడుగుతుంది. చెప్పకు. లెక్క చెయ్యడం దానికి వచ్చు, ఏ లెక్కో గుర్తుపట్టడమే ఇంకా రావాలి. పాఠం పేరు పైన రాసిస్తే సగం పని మనం చేసిపెట్టినట్టే.

ఎర్ర అట్ట రిజిస్టరులో ఒక్కో పాఠానికి ఒక వరస ఉంది. కొత్త పాఠం మర్నాడో, ఒక రోజు వదిలో ఒకసారి వస్తుంది, తర్వాత వచ్చే వారం, ఆ తర్వాత మూడు వారాలకి, ఆ పైన రెండు నెలలకి. సరిగ్గా చేస్తే తర్వాతి గడిలో టిక్కు. తప్పు చేస్తే ఆ పాఠం మళ్ళీ మొదటి గడికి దిగిపోతుంది. మీ బావకి ఇదంతా అతి అనిపిస్తుంది. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన 1885లోనే తన జ్ఞాపకం మీదే ప్రయోగాలు చేసి, నేర్చుకున్నది మొదటి గంటల్లోనే ఎంత వేగంగా జారిపోతుందో కొలిచి చూపించాడని చెప్పాను. "మరి నాకు పెళ్ళిరోజు ఎందుకు గుర్తుండదో ఆయన చెప్పాడా" అన్నారు. మీ బావని వదిలెయ్, రిజిస్టరు మాత్రం నువ్వే నింపు.

సోమవారం, లెక్కలు

కొత్త పాఠం విజాతి భిన్నాల కూడిక, తీసివేత. పోయిన శుక్రవారం పరిచయం చేశాను, రంగు కాగితాలు మడిచి చూపించాను.

1. 1/2 + 1/4
2. 2/3 + 1/6
3. 1/4 + 1/6
4. 3/4 − 1/3
5. అమ్మమ్మ పులిహోరకి అర కిలో, పరమాన్నానికి పావు కిలో బియ్యం తీసింది. మొత్తం ఎంత? భిన్నంలో రాయి.
6. 6, 8 ల క.సా.గు.
7. 4/12 ని సూక్ష్మ రూపంలో రాయి.
8. 5/9 + 2/9
9. పొలం పొడవు 12 మీ., వెడల్పు 8 మీ. చుట్టూ కంచె ఎంత కావాలి? వైశాల్యం ఎంత?
10. 3,456 ÷ 12

జవాబులు: 3/4; 5/6; 5/12; 5/12; 3/4 కిలో; 24; 1/3; 7/9; 40 మీ., 96 చ.మీ.; 288.

తొమ్మిదో దాంట్లో రెండు జవాబులూ ఉన్నా ఏది మీటర్లు, ఏది చదరపు మీటర్లు అన్నది తారుమారు చేస్తుంది. "కంచె వేస్తామా, దున్నుతామా?" అని అడుగు, చాలు.

మంగళవారం, తెలుగు

విభక్తి ప్రత్యయాలు. ఖాళీల్లో సరైనది రాయాలి.

1. రైతు నాగలి___ పొలం దున్నాడు.
2. వర్షం ___ రోడ్లు పాడయ్యాయి.
3. రాము ___ సీత పొడవు.
4. పిల్లల ___ బొమ్మలు కొన్నారు.
5. ఈ నాలుగూ ఏయే విభక్తులో రాయి.
6. వికృతులు రాయి: ముఖం, రాత్రి, పుణ్యం.
7. పోయిన నెల నేర్చుకున్న శతక పద్యం చూడకుండా రాసి, భావం రెండు వాక్యాల్లో చెప్పు.
8. 7/9 − 4/9
9. 96 ÷ 8
10. ఏడు లక్షల ఇరవై వేల మూడు వందల యాభైని అంకెల్లో రాయి.

జవాబులు: తో (తృతీయ); వలన (పంచమి); కంటె (పంచమి); కొరకు (చతుర్థి); మొగం, రాతిరి, పున్నెం; 3/9, అంటే 1/3; 12; 7,20,350.

"వల్ల", "కంటే", "కోసం" అని రాసినా కొట్టెయ్యకు, మాట్లాడేది అలాగే కదా. పాత వ్యాకరణంలో రూపం ఏమిటో మాత్రం పక్కన రాయించు. పద్యంలో రెండో పాదం దగ్గర ప్రతిసారీ ఆగుతుంది. మొదటి అక్షరం అందించు, పాదం అందించకు.

బుధవారం, మళ్ళీ లెక్కలు

1. 1/2 + 1/3
2. 3/8 + 1/4
3. 5/6 − 1/2
4. 3/5, 2/3 లలో ఏది పెద్దది?
5. నీళ్ళ సీసాలో పొద్దున 1/3 వంతు, మధ్యాహ్నం 2/5 వంతు తాగావు. ఇంకెంత మిగిలింది?
6. 12, 18 ల గ.సా.భా.
7. 18/24 సూక్ష్మ రూపం
8. 9, 12 ల క.సా.గు.
9. రెండున్నర మీటర్ల రిబ్బను 25 సెం.మీ. ముక్కలు చేస్తే ఎన్ని?
10. 408 × 7

జవాబులు: 5/6; 5/8; 1/3; 2/3; 4/15; 6; 3/4; 36; 10; 2,856.

వారం మొత్తంలో ఇదే గట్టి షీటు, కాస్త పక్కనే కూర్చో. మొదటి లెక్కలో అది 2/5 అని రాసే అవకాశం చాలా ఉంది: పైవి పైవి కలిపి, కిందవి కిందవి కలిపి. వెంటనే తప్పని గీత కొట్టకు. "సగం ఉంది, దానికి ఇంకా కలిపాం. మరి 2/5 సగం కంటే ఎక్కువా తక్కువా?" అని అడుగు. అయిదులో సగం రెండున్నర, కాబట్టి రెండు అంతకంటే తక్కువేనని అదే చెబుతుంది. కలిపితే తగ్గిందేమిటని కాసేపు దిక్కులు చూస్తుంది. ఆ కాసేపు నువ్వు నోరు విప్పకూడదు. నీకది కష్టమే, తెలుసు. తర్వాత ఫైల్లో ఉన్న పన్నెండు గళ్ళ కాగితం పట్టీ ఇవ్వు. సగం అంటే ఆరు గళ్ళు, మూడో వంతు అంటే నాలుగు, మొత్తం పది. పన్నెండులో పది అంటే 5/6. పట్టీ మీద రంగు వేశాకే హారాలు సమానం చేసే పద్ధతి రాయించు. ముందు పద్ధతి చెబితే బట్టీ పట్టేస్తుంది, శనివారానికి ఎగిరిపోతుంది.

ఎనిమిదో లెక్క ఇక్కడ ఊరికే పెట్టలేదు. క.సా.గు. వస్తేనే హారాలు సమానం చెయ్యగలదు. అది తడబడితే భిన్నాలు ఆపి, క.సా.గు. లెక్కలు ఇంకో రెండు ఇవ్వు (4, 10 కి 20; 6, 9 కి 18).

గురువారం, పరిసరాలు

నీటి చక్రం. ఈ షీటు చిన్నదే, ఏడు ప్రశ్నలు, నోటితో చెప్పినా సరే.

1. తడి బట్టలు ఎండలో త్వరగా ఆరడాన్ని ఏమంటారు?
2. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గ్లాసు బయట నీటి చుక్కలు ఎక్కడివి?
3. నీటి చక్రం బొమ్మ గీసి పేర్లు పెట్టు.
4. కృష్ణ మీద పైనుంచి కిందికి వరసలో పెట్టు: నాగార్జునసాగర్, ప్రకాశం బ్యారేజి, ఆల్మట్టి, శ్రీశైలం, పులిచింతల, జూరాల.
5. కృష్ణ ఎక్కడ పుట్టింది?
6. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఏది?
7. ఆకు ఆహారం తయారు చేసుకోవడానికి గాలిలోంచి ఏ వాయువు తీసుకుంటుంది?

జవాబులు: బాష్పీభవనం; గాలిలోని నీటి ఆవిరి చల్లబడి (సాంద్రీకరణం); ఆల్మట్టి, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజి; మహారాష్ట్రలోని మహాబలేశ్వర్; కర్నూలు; కార్బన్ డయాక్సైడ్.

రెండో దానికి "గ్లాసు కారింది" అంటుంది. మంచినీళ్ళలో కాస్త పసుపు కలిపి గ్లాసులో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, తీశాక బయటి చుక్కలు తెల్ల గుడ్డతో తుడిపించు. గుడ్డకి పసుపు అంటదు.

శుక్రవారం

బాలల దినోత్సవం అని సెలవడుగుతుంది. స్కూలుకే వెళ్ళని పిల్లకి స్కూలు సెలవులన్నీ కంఠతా! ఇంగ్లీషు షీటు ఒక్కటే చేయించు, ఫైల్లో పచ్చ క్లిప్పుది. తర్వాత దోశల పిండికి అదే కొలవాలి: 3 గ్లాసుల బియ్యానికి 1 గ్లాసు మినప్పప్పు అయితే నాలుగున్నర గ్లాసులకి ఎంత? ఒకటిన్నర. ఇది ఆగస్టులో చేసిన పాఠం, రిజిస్టరులో టిక్కు పెట్టు. సాయంత్రం పార్కుకి తీసుకెళ్ళు.

శనివారం, కలగాపులగం

కొత్తది ఏమీ ఉండదు. పన్నెండు ప్రశ్నలు, సాయం లేదు, 40 నిమిషాలు. దీన్ని పరీక్ష అనకు, మార్కులు వెయ్యకు. ఏ పాఠం ఏ గడికి వెళ్తుందో తేల్చుకోవడానికే ఇది.

1. 3/4 + 1/6
2. "కలం___ రాశాను." ఖాళీ నింపి విభక్తి పేరు రాయి.
3. చతురస్రం చుట్టుకొలత 36 సెం.మీ. వైశాల్యం ఎంత?
4. 15, 20 ల క.సా.గు.
5. ఆకాశం: వికృతి?
6. గోదావరి పుట్టిన చోటు?
7. ఉదయం 10:45 కి ఎక్కిన రైలు సాయంత్రం 4:20 కి దించింది. ఎంతసేపు ప్రయాణం?
8. తెల్లవారుజామున గడ్డి మీద మంచు బిందువులు: ఏ ప్రక్రియ?
9. 9,08,015 ని అక్షరాల్లో రాయి.
10. తెలంగాణ ఏర్పడిన తేదీ?
11. 1/2 − 1/3, 1/6: ఏది పెద్దది?
12. దీపావళి గురించి మూడు వాక్యాలు. "కొరకు", "వలన" రెండూ రావాలి.

జవాబులు: 11/12; తో, తృతీయ; 81 చ.సెం.మీ.; 60; ఆకసం; నాసిక్ దగ్గర త్రయంబకేశ్వరం; 5 గం. 35 ని.; సాంద్రీకరణం; తొమ్మిది లక్షల ఎనిమిది వేల పదిహేను; 2014 జూన్ 2; రెండూ సమానం.

పదకొండోది చూసి "ఏది పెద్దదని అడిగి సమానం అంటే ఎలా" అని పోట్లాడుతుంది. పోట్లాడనీ. ఏడో దాంట్లో 10:45 నుంచి 11 వరకు, 11 నుంచి 4 వరకు, ఆపైన 20 నిమిషాలు అని ముక్కలు చేసిందా, లేక నిలువు తీసివేత వేసిందా అన్నది పక్కన రాసిపెట్టు. జవాబు తప్పైనా దారి సరైనదైతే మొదటి గడికి దింపను, ఒక్క గడి వెనక్కి జరుపుతాను.

ఆదివారం షీటు లేదు. రాత్రి నేను వచ్చేసరికి రిజిస్టరు, శనివారం కాగితం టేబుల్ మీద పెట్టు. తప్పులు చెరపనివ్వకు, ఒక గీత కొట్టి పక్కన మళ్ళీ రాయమను. ఎన్‌ఐఓఎస్, అంటే జాతీయ ఓపెన్ స్కూలు వాళ్ళ ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్‌లో బి లెవెల్ అయిదో తరగతికి సమానం. ఆ పరీక్ష రాయించాలా వద్దా అన్నది ఈ కాగితాలు చూశాకే మీ బావా నేనూ కూర్చుని తేల్చుకోవాలి. ప్రింటర్లో సిరా అయిపోవచ్చింది. షీటు ఏదైనా పాడైతే నోటుబుక్కులో చేత్తో రాసివ్వు, పెద్దక్షరాలతో.