డెరివేటివ్స్ ప్రైసింగ్ పరీక్షకు 21 రోజుల ప్లాన్

సోమవారం మొదలుపెట్టు. తిరుపతి హాస్టల్లో తెల్లవారి 5 నుంచి 6:30 దాకా కొత్త పాఠం, రాత్రి గంటసేపు లెక్కలు. ఆదివారం చిత్తూరు ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులో ఫార్ములాల కాగితం ఒక్కటే చూసుకో, లెక్కలు వద్దు.

మొదటి వారం: బైనామియల్

1వ రోజు: కాల్, పుట్, ఫార్వర్డ్ పేఆఫ్ గ్రాఫులు. ప్రీమియం కలిపితే అది లాభం గ్రాఫు, రెండూ కలిపేయకు.
2: ఫార్వర్డ్ ధర, పుట్-కాల్ పారిటీ: `C − P = S − K e^(−rT)`.
3: ఒక మెట్టు ట్రీ. S=100, u=1.1, d=0.9, మెట్టుకు వడ్డీ 5%. p = (1.05−0.9)/0.2 = 0.75. స్ట్రైక్ 100 కాల్ ధర 0.75×10/1.05 = 7.14. ఇదే జవాబు 0.5 షేరు, కొంత అప్పుతో హెడ్జ్ కట్టి కూడా రాబట్టు.
4: ఇదే ట్రీని రెండు మెట్లకు పెంచు. కాల్ 10.71, యూరోపియన్ పుట్ 1.42 రావాలి, ఇక్కడ మెట్టుకు 1.05 కాబట్టి పారిటీలో డిస్కౌంట్ 1/1.1025.
5: అమెరికన్ పుట్. ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే: చివరి పేఆఫ్‌లు తెచ్చి ఒకేసారి డిస్కౌంట్ చేసేస్తారు. ప్రతి నోడ్‌లో ఆగి పోల్చాలి. ధర 90 ఉన్న నోడ్‌లో ఉంచుకుంటే 5.24, ఎక్సర్‌సైజ్ చేస్తే 10. అందుకే ఈ రోజు ధర 2.55.
6: గంటన్నర టెస్ట్.
7: తప్పినవి మళ్లీ.

రెండో వారం: బ్లాక్-షోల్స్

ఇదే కష్టమైన వారం, తొందరపడకు.

8: బ్రౌనియన్ మోషన్, లాగ్‌నార్మల్.
9: ఇటో లెమ్మా.
10: ln S కు ఇటో వాడు. డ్రిఫ్ట్ `μ − σ²/2` వస్తుంది. ఆ సగం పదం మరిచిపోతే తర్వాతవన్నీ తప్పు.
11: డెల్టా హెడ్జ్‌తో సమీకరణం. μ ఎక్కడ పోయిందో ఒక వాక్యంలో రాయి.
12: రిస్క్-న్యూట్రల్ పద్ధతి, ఫార్ములా.
13: S=K=100, r=5%, σ=20%, T=1. d1=0.35, d2=0.15, కాల్ 10.45, పుట్ 5.57. క్యాలిక్యులేటర్లో ln బదులు log నొక్కడం, 20% ను 20 గా వేయడం, T ను నెలల్లో పెట్టడం మామూలుగా జరిగే పొరపాట్లు.
14: టెస్ట్.

మూడో వారం

15: డెల్టా, గామా. పై కాల్ డెల్టా 0.637.
16: వేగా, థీటా. వేగా 37.5 అంటే వోలటిలిటీ ఒక్క శాతం పెరిగితే ధర 0.375 పెరుగుతుంది. ఏడాది థీటాను రోజుకు తేవాలంటే 365 తో భాగించు.
17: డివిడెండ్ ఉన్నప్పుడు S బదులు `S e^(−qT)`. నిఫ్టీ ఆప్షన్లు యూరోపియన్ రకమే కాబట్టి ఉదాహరణకు అవే పట్టుకో.
18: ఇంప్లైడ్ వోలటిలిటీ, స్మైల్.
19: బారియర్, ఏషియన్, మోంటే కార్లో. ఎర్రర్ సగం కావాలంటే పాత్‌లు నాలుగింతలు కావాలి.
20: మూడు గంటల పూర్తి పేపర్, గడియారం పెట్టుకుని.
21: 5, 10, 13 రోజుల లెక్కలు మాత్రమే. రాత్రి తొమ్మిదికి పుస్తకం మూసెయ్.