మందు దుష్ప్రభావ నివేదిక: కో-ట్రైమోక్సజోల్, స్థిర ఔషధ విస్ఫోటం

అందిన రాతప్రతి (డ్యూటీ నర్సు చేతిరాత, మార్పు లేకుండా): "48 ఏళ్ల ఆమె. యూరిన్ ఇన్ఫెక్షన్‌కి సల్ఫా మాత్ర వేసుకుంది. మధ్యాహ్నానికే మణికట్టు మీద మచ్చ, మంట. మర్నాడు పెదవి మీద బొబ్బ. ఇంతకు ముందూ అక్కడే వచ్చిందట. మాత్ర ఆపేశాక తగ్గింది. షుగర్ మాత్ర, పారాసెటమాల్ కూడా ఉన్నాయి."

రోగి: స్త్రీ, 48 ఏళ్లు, బరువు 61 కిలోలు. నాలుగేళ్లుగా మధుమేహం, మూత్రపిండాల, కాలేయ పరీక్షలు సాధారణం.

అనుమానిత మందు: కో-ట్రైమోక్సజోల్ 960 మి.గ్రా. మాత్ర (సల్ఫామెథాక్సజోల్ 800, ట్రైమెథోప్రిమ్ 160), నోటి ద్వారా, రోజుకు రెండుసార్లు, మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు. స్ట్రిప్ పారేసినందున బ్యాచ్ సంఖ్య తెలియలేదు.

కాలక్రమం: 2025 మే 12 ఉదయం 9 గంటలకు మొదటి మాత్ర వేసుకోగా, మధ్యాహ్నం 2 గంటల ప్రాంతంలో కుడి మణికట్టు వెనుక దురద, మంటతో గుండ్రటి ఎర్రని మచ్చ వచ్చింది, దానికీ మందుకూ సంబంధం ఉంటుందని తోచక రాత్రి 9 గంటలకు రెండో మాత్ర కూడా వేసుకున్నారు. 13వ తేదీ ఉదయానికి మచ్చ ముదురు ఊదా రంగుకు తిరిగి, కింది పెదవిపై నీటిబొబ్బ లేచింది. జ్వరం లేదు, కళ్లు, జననాంగాల పొరలు దెబ్బతినలేదు, చర్మం ఊడలేదు. అదే రోజు 10 గంటలకు మందు ఆపి, బదులుగా నైట్రోఫ్యూరాంటోయిన్, మచ్చకు స్టెరాయిడ్ పూత, దురదకు లెవోసెట్రిజిన్ ఇచ్చారు. 20వ తేదీకి బొబ్బ మాని, మంట పోయింది.

ఇతర మందులు: మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, నాలుగేళ్లుగా ఆపకుండా. పారాసెటమాల్ 500 మి.గ్రా. మే 11 నుంచి 15 వరకు అవసరాన్నిబట్టి. పారాసెటమాల్ వల్ల కూడా ఇలాంటి మచ్చలు రావచ్చు కనుక దాన్ని తేలిగ్గా కొట్టివేయలేదు. అయితే కో-ట్రైమోక్సజోల్ ఆపాక కూడా రెండు రోజులు అది కొనసాగినా మచ్చ పెరగలేదు, కొత్తది రాలేదు.

ఫలితం: కోలుకుంటున్నారు. రాతప్రతిలో "తగ్గింది" అని ఉన్నా, మే 27న చూసేసరికి మణికట్టుపై నల్లమచ్చ ఇంకా ఉంది కాబట్టి "పూర్తిగా కోలుకున్నారు" అని నమోదు చేయలేదు. ఆసుపత్రిలో చేర్చాల్సిన అవసరం రాలేదు, ప్రాణాపాయం లేదు. తీవ్రమైనది కాని ప్రతిచర్యగా గుర్తించాం.

కారణ సంబంధం: డబ్ల్యూహెచ్‌ఓ-యూఎంసీ విధానంలో "ప్రాబబుల్". సుమారు ఏడాది కిందట ఇదే మాత్రకు ఇదే మణికట్టుపై మచ్చ వచ్చిందని రోగి చెప్పారు, స్థిర ఔషధ విస్ఫోటానికి అదే గుర్తు. కానీ అప్పటి చీటీ దొరకలేదు, నోటిమాట ఒక్కదాని ఆధారంగా "సర్టెన్" అని రాయడం సరికాదనిపించింది. పరీక్ష కోసం మందును మళ్లీ ఇవ్వలేదు, ఇవ్వకూడదు.

చర్య: సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్ రెండింటి పేర్లతో రోగికి హెచ్చరిక కార్డు ఇచ్చి, కేస్ షీట్ మొదటి పేజీలో నమోదు చేశాం.

నివేదించినవారు: క్లినికల్ ఫార్మసిస్ట్, 2025 మే 28.