విషయం: మా అమ్మ ఫోను నంబరు బయటపడుతున్న పీడీఎఫ్ లింకును, ఫైలును తీసేయమని విన్నపం

12 మార్చి 2025

నమూనా ఉత్తరాల సైటు నిర్వాహకులు గారికి,

నమస్కారమండీ. నేను సుజాతను. 2023 ఆగస్టులో, ఇల్లు ఖాళీ చేసినా అడ్వాన్సు వెనక్కి ఇవ్వని ఓనరుకు మా అమ్మ పేరున రాసిన ఉత్తరాన్ని మీకు పంపి సలహా అడిగాను. మీరు రెండు చోట్ల మాట మార్చి, చివరి పేరా కొట్టేసి తిరిగి పంపారు. ఆ ఉత్తరం పని చేసింది కూడా. తర్వాత మీరు "ఇది మిగతావాళ్లకు నమూనాగా పెట్టుకోవచ్చా" అని అడిగితే, పేర్లూ నంబర్లూ తీసేసి పెట్టుకోండి అన్నాను. మీరూ సరేనన్నారు. ఆ మెయిళ్లు నా దగ్గర ఉన్నాయి, మీ దగ్గరా ఉండే ఉంటాయి.

ఇప్పుడు చిక్కు వచ్చింది ఆ నమూనా పేజీ వల్ల కాదు. `/uttaralu/illu-advance` పేజీలో మీరు టైపు చేసి పెట్టిన ఉత్తరం చక్కగా ఉంది, అందులో మావాళ్ల వివరం ఒక్కటీ లేదు. దాన్ని అలాగే ఉంచండి. ఆ పేజీ అడుగున "అసలు ఉత్తరం ఎలా ఉందో చూడండి" అని ఒక లైను ఉంది. దాని మీద నొక్కితే నేను మీకు మెయిల్లో పంపిన పీడీఎఫే తెరుచుకుంటోంది. నేను తీసేయమంటున్నది ఆ లింకును, దాని వెనకున్న ఫైలును.

ఆ ఫైల్లో అమ్మ పేరు మీద, చిరునామా మీద, ఫోను నంబరు మీద నల్లపట్టీలు గీశారు. మీరు నిర్లక్ష్యం చేశారని నేను అనడం లేదు. చూసేవాళ్లెవరైనా అంతా చెరిపేశారనే అనుకుంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ ఆ పట్టీ అక్షరాల మీద పరిచిన గుడ్డ లాంటిది, కింద అక్షరాలు చెక్కుచెదరలేదు. మౌసుతో ఆ లైనంతా సెలెక్టు చేసి కాపీ చేసి, ఎక్కడైనా పేస్టు చేసి చూడండి. పది అంకెలూ వచ్చేస్తాయి. చివరివి 46. పూర్తి నంబరు ఈ ఉత్తరంలో రాయను. ఇది రేపు ఎవరి చేతికి వెళ్తుందో అన్న భయం ఇప్పుడు నాకు పట్టుకుంది.

మనిషి కంటికి నల్లగా కనిపించేది సెర్చ్ ఇంజన్‌కు నలుపు కాదు. అది పీడీఎఫ్‌లోని అక్షరాలను చదువుకుంటుంది, మీద గీసిన బొమ్మతో దానికి పని లేదు. అందుకే గూగుల్లో ఆ నంబరు కొడితే మీ ఫైలు వస్తోంది. ఫలితం కింద కనిపించే రెండు లైన్ల ముక్కలో నంబరు, పక్కనే అమ్మ పేరు. అంటే ఫైలు తెరవాల్సిన పని కూడా లేదు.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. అమ్మకు తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వస్తున్నాయి, "అడ్వాన్సు ఇప్పించేది మీరేనా" అని. ఎప్పటి నుంచి అంటే ఆవిడకే సరిగ్గా గుర్తు లేదు. ఏదో రాంగ్ నంబరు అనుకుందట. అనుకుని ఊరుకోలేదు. ఒకళ్లిద్దరితో అరగంట మాట్లాడి, "రసీదులన్నీ దాచుకోండి, నోటిమాటగా అడగద్దు, రాసివ్వండి" అని సలహాలు కూడా చెప్పింది. నాకు ఈ సంగతి తెలిసింది పోయిన నెలలో, రాత్రి పదకొండు దాటాక ఒకాయన ఫోను చేసి గట్టిగా అరిచినప్పుడు. ఇన్నిసార్లు చేస్తే ఎత్తరా, ఇదేం హెల్ప్‌లైను అని ఆయన కోపం. ఆయన తప్పు కాదు, సాయం చేసే నంబరు అనుకున్నాడు. ఎక్కడ దొరికిందని అడిగితే, వెతికితే వచ్చిందన్నాడు.

నవ్వుకోదగ్గ ఫోన్లు అక్కడితో అయిపోయాయి. పోయిన గురువారం ఒక మనిషి అమ్మను పూర్తి పేరుతో పిలిచాడు. పాత ఇంటి చిరునామా తలుపు నంబరుతో సహా చెప్పాడు. "మీకు రావలసిన బాకీ డబ్బు మా దగ్గర ఆగింది, ఫోనుకు ఒక కోడ్ వచ్చింది, చెప్పండి" అన్నాడు. ఆ కోడ్ చెప్పబోతుంటే నేను పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది. ఆ మనిషి మీ సైటు నుంచే వివరాలు తీసుకున్నాడని నేను రుజువు చేయలేను. కానీ ఆ పేరు, ఆ పాత చిరునామా, ఆ నంబరు, బాకీ సంగతి, ఈ నాలుగూ ఒకేచోట ఉన్న కాగితం ఆ ఉత్తరం ఒక్కటే.

నంబరు మార్చుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. బ్యాంకు, ఆస్పత్రి, చుట్టాలు అన్నీ ఆ నంబరు మీదే నడుస్తున్నాయి. డెబ్బై దాటిన మనిషికి కంఠతా వచ్చిన నంబరు అదొక్కటే. అదే ఉంటుంది.

ఇక మీరు చేయవలసిన పని. పేజీలో ఆ లైను తీసేస్తే సరిపోదండీ. లింకు పోయినా ఫైలు మీ సర్వరు మీద అదే చిరునామాలో ఉంటుంది, ఆ చిరునామా సెర్చ్ ఇంజన్‌కు ఎప్పుడో తెలుసు. కాబట్టి ఫైలునే తొలగించాలి. మీ సైటు వర్డ్‌ప్రెస్ మీద నడుస్తున్నట్టు ఫైలు చిరునామాను బట్టి తెలుస్తోంది. హోస్టింగ్ ఫోల్డరులోకి వెళ్లి పీడీఎఫ్ ఒక్కదాన్నే చెరిపేయకుండా, వర్డ్‌ప్రెస్ మీడియా లైబ్రరీలోంచి డిలీట్ చేయండి. పీడీఎఫ్ ఎక్కించినప్పుడు మొదటి పేజీకి బొమ్మ కూడా అది తయారు చేసుకుంటుంది. లైబ్రరీలోంచి తీస్తే అవీ దాంతోపాటే పోతాయి.

తీసేశాక ఆ చిరునామా తెరిస్తే "లేదు" అని రావాలి, అంటే 404 గానీ 410 గానీ. దయచేసి దాన్ని హోమ్ పేజీకి మళ్లించకండి. మళ్లిస్తే ఫైలు పోయిందన్న సంగతి సెర్చ్ ఇంజన్‌కు స్పష్టంగా అందదు. శాశ్వతంగా పోయిందని చెప్పేది 410. మీ సర్వరు అపాచీ అయితే `.htaccess` ఫైల్లో ఈ ఒక్క లైను చాలు:

```
Redirect gone /wp-content/uploads/2023/08/advance-vapasu.pdf
```

ఇంకొక మాట. ఇలాంటప్పుడు చాలామంది ముందు చేసే పని ఆ ఫైలు పేరును `robots.txt`లో పెట్టడం. మీరు అది చేయకండి. దానివల్ల గూగుల్ ఆ చిరునామాకు మళ్లీ రాదు, రాకపోతే ఫైలు పోయిందని తెలుసుకోదు. పైగా `robots.txt` ఎవరైనా తెరిచి చదవగల ఫైలు. దాచాలనుకున్నదాని చిరునామాను గుమ్మానికి అంటించినట్టు అవుతుంది.

క్యాషింగ్ ప్లగిన్ గానీ సీడీఎన్ గానీ వాడుతుంటే ఆ ఫైలు పాత కాపీని అక్కడ కూడా పర్జ్ చేయండి. మీ వైపు డిలీట్ అయినా కొన్నాళ్లపాటు పాతదే వడ్డిస్తూ ఉండగలవు అవి. మీకు సెర్చ్ కన్సోల్ ఖాతా ఉంటే అందులో రిమూవల్స్ విభాగం నుంచి ఆ చిరునామాను తాత్కాలికంగా దాచమని అడగవచ్చు. అది సుమారు ఆరు నెలలే పని చేస్తుంది, కానీ ఫైలు నిజంగా పోయి ఉంటే ఆ గడువు సరిపోతుంది. ఫైలు పోయిందని మీరు చెప్పగానే, పాతబడిన ఫలితాన్ని తాజా చేయమని గూగుల్‌కు నేను కూడా అర్జీ పెడతాను. అది ఎవరైనా పెట్టవచ్చు, కాకపోతే ఫైలు బతికి ఉన్నంతకాలం దాని వల్ల లాభం లేదు. అందుకే ముందు మీ దగ్గరికి వచ్చాను.

వేబ్యాక్ మెషీన్‌లో కూడా ఆ పీడీఎఫ్ కాపీ ఒకటి ఉంది, చూశాను. తీసేయమని info@archive.org కు రాయాలి. నేనూ రాస్తాను, కానీ సైటు ఎవరిదో వాళ్లు అడిగితే ఆ మాటకు బలం ఎక్కువ. సైటుకు సంబంధించిన మెయిల్ ఐడీ నుంచి, ఫైలు పూర్తి చిరునామాతో రెండు లైన్లు పంపితే చాలు.

"అసలు ఉత్తరం" చూపించాలని మీకు ఇంకా అనిపిస్తే, దయచేసి మాది వద్దు. ఇంకెవరిదైనా పెడితే పట్టీ గీయడం కాకుండా, వర్డ్ ఫైల్లోనే ఆ మాటలు చెరిపేసి ఖాళీలు పెట్టి, అప్పుడు పీడీఎఫ్ చేయండి. అలా చేయడమే అన్నిటికంటే తేలిక. మీ సైటులో అద్దె రసీదు ఉత్తరం కింద, కాలేజీ ఫీజు ఉత్తరం కింద కూడా ఇలాంటి నల్లపట్టీల పీడీఎఫ్‌లు కనిపించాయి. వాటిలో అక్షరాలు కాపీ అవుతాయో లేదో నేను చూడలేదు, వాళ్ల వివరాలు నాకెందుకు. మీరు మాత్రం ఒకసారి చూడండి. వాళ్ల ఇళ్లకూ ఫోన్లు పోతున్నాయేమో.

ఆదివారం, అంటే 16వ తేదీ సాయంత్రం లోపల కనీసం ఫైలు డిలీట్ చేయమని కోరుతున్నాను. మిగతావి ఆ తర్వాతి వారంలో చేసినా ఫర్వాలేదు. ఊళ్లో లేకనో, సైటు పనులు ఇంకెవరో చూస్తుంటేనో వీలు కాకపోతే ఆ మాటే రాయండి, ఒక రోజు ఆగుతాను. ఏ జవాబూ రాకపోతే సోమవారం మీ హోస్టింగ్ కంపెనీకి ఫిర్యాదు చేయాల్సి వస్తుంది. మీరు నాకు చేసిన సాయం గుర్తుంది కాబట్టి అక్కడిదాకా వెళ్లాలని లేదు. కానీ ఆ కోడ్ ఫోను వచ్చాక ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

జవాబు ఈ మెయిలుకే ఇవ్వండి. దయచేసి ఆ నంబరుకు ఫోను చేయకండి, ఈ ఉత్తరాన్ని కూడా సైటులో నమూనాగా పెట్టకండి.

ఇట్లు,
సుజాత

తా.క.: రాత్రి పదకొండింటికి అరిచినాయన మర్నాడు క్షమాపణ చెప్పి, అమ్మ చెప్పినట్టే ఉత్తరం రాసిచ్చాడట. అడ్వాన్సు వచ్చిందో లేదో తెలియలేదని అమ్మ రోజూ అంటోంది. ఆయన మీకేమైనా రాస్తే ఆ ఒక్క కబురు నాకు చెప్పండి. ఆయనకు మాత్రం మా నంబరు మళ్లీ ఇవ్వకండి.