కొత్త సైటు ఫలితాల కొలత: సోమవారంలోగా పూర్తి కావలసిన ఏర్పాట్లు

అన్నగారూ,

మన చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీ వెబ్‌సైటు వచ్చే సోమవారం అందరికీ తెరుచుకుంటుంది. మూడు నెలలు గడిచాక మీరు నన్ను పిలిచి "ఇంత డబ్బు పెట్టాం, ఏం వచ్చింది?" అని అడుగుతారు. అడగాలి కూడా. ఆ రోజు నేను ఇన్ని వేలమంది చూశారని చెబితే ఒప్పుకోవద్దు. చూసి వెళ్ళిపోయినవాళ్ళ కోసం ఎవరూ కంటెయినర్ నింపరు. ఎవరు అడిగారు, ఎక్కడి నుంచి వచ్చారు, వారిలో ఎందరికి కొటేషన్ వెళ్ళింది, ఎవరు అడ్వాన్సు వేశారు అన్నవే చెప్పాలి. వీటికి జవాబు దొరకాలంటే లెక్క పెట్టే ఏర్పాటు సైటు తెరవడానికి ముందే ఉండాలి. సైటుకు వచ్చినవారి లెక్క చూపే గూగుల్ అనలిటిక్స్‌లో ఒక పనిని లక్ష్యంగా ఈ రోజు గుర్తిస్తే ఈ రోజు నుంచే ఆ లెక్క మొదలవుతుంది, నిన్నటిది వెనక్కి తిరిగి రాదు.

ఖాతా మీ పేరు మీదే

గూగుల్ అనలిటిక్స్, లెక్క వేసే ముక్కలను సైటులో నడిపే ట్యాగ్ మేనేజర్, గూగుల్ వెతుకులాటల లెక్క చూపే సెర్చ్ కన్సోల్ మూడింటినీ ఫ్యాక్టరీ ఈ-మెయిల్‌తోనే తెరిచాను. యజమాని హోదా మీది, నాకు మార్పులు చేసే అనుమతి మాత్రమే. రేపు మీరు నన్ను మార్చి ఇంకొకరిని పెట్టుకున్నా లెక్కలు మీ దగ్గరే ఉంటాయి. సైటు చేసినవాళ్ళు ఖాతా తమ పేరు మీద పెట్టుకుని, విడిపోయేటప్పుడు పాత లెక్కలన్నీ పట్టుకుపోవడం ఈ వృత్తిలో మామూలే.

సమయ మండలం భారతదేశానిది, కరెన్సీ రూపాయలు. ఒక్కో సందర్శకుడి వివరాలు లోతుగా చూసే నివేదికలకు గూగుల్ 2 నెలల సమాచారమే ఉంచుతుంది, దాన్ని 14 నెలలకు మార్చాను. మన వ్యాపారంలో అడిగిన రోజుకూ ఆర్డరు ఖాయమైన రోజుకూ మధ్య ఆర్నెల్లు పట్టడం మీకు కొత్త కాదు. రెండు నెలలకే చెరిగిపోయే లెక్క మనకు దేనికీ పనికిరాదు.

లక్ష్యాలు మూడే

అనలిటిక్స్‌లో ముప్పై వరకు పెట్టుకోవచ్చు. మనం మూడే పెడుతున్నాం. ఇదివరకు వీటిని కన్వర్షన్లు అనేవారు, 2024 నుంచి అక్కడ `Key events` అని కనిపిస్తాయి.

మొదటిది, అన్నిటికంటే బరువైనది, ఎంక్వయిరీ ఫారం. పేరు `generate_lead`. ఇందులో ఒక చిక్కుంది, కాస్త వివరంగా చెబుతాను. చాలా సైట్లలో "పంపండి" బటన్ నొక్కగానే ఒకటి లెక్క వేస్తారు. ఖాళీ ఫారం నొక్కినా, ఫోను నంబరు తప్పు కొట్టి ఎర్ర అక్షరాలు వచ్చినా, విసుగుతో నాలుగుసార్లు నొక్కినా నాలుగు ఎంక్వయిరీలే. ఇంకొందరు "ధన్యవాదాలు" పేజీ తెరుచుకుంటే లెక్క వేస్తారు. ఆ పేజీని మళ్ళీ లోడ్ చేస్తే ఇంకోటి పెరుగుతుంది. మన సైటులో ఫారం సర్వరుకు చేరి, అక్కడి నుంచి "అందింది" అన్న జవాబు వచ్చాకే ఈ ముక్క నడుస్తుంది:

```
window.dataLayer = window.dataLayer || [];
dataLayer.push({
  event: 'generate_lead',
  market: 'export',
  finish: 'leather'
});
```

`market` అంటే కొనేవారు దేశంలోనివారా, విదేశీయులా అన్నది. `finish` అంటే పాలిష్, లెదర్, ఫ్లేమ్డ్‌లలో ఏది అడిగారన్నది. పైన రాసిన విలువలు ఉదాహరణకే, ఫారంలో వారు ఎంచుకున్నదే వాటి చోట వస్తుంది. ఈ రెండింటినీ అనలిటిక్స్‌లో `Custom definitions` కింద నమోదు చేశాను. చేయకపోతే సమాచారం వెళుతూనే ఉంటుంది కానీ నివేదికలో కనిపించదు. పేరు, ఫోను, ఈ-మెయిల్ మాత్రం అనలిటిక్స్‌కు పంపడం లేదు. గూగుల్ నిబంధనలు ఒప్పుకోవు, మనకూ అక్కడ వాటితో పనిలేదు. అవి నేరుగా ఆఫీసు మెయిల్‌కు వస్తాయి. ఫారాల కోసం అనలిటిక్స్ తనంతట తాను వేసుకునే లెక్కను ఆపేశాను. రెండు లెక్కలు పక్కపక్కన ఉంటే ఏది నమ్మాలో తెలియక తల తిరుగుతుంది.

రెండోది వాట్సాప్ బటన్, `whatsapp_click`. నొక్కినవాళ్ళందరూ సందేశం పంపరు, కాబట్టి దీన్ని ఆసక్తిగానే చూడాలి. ఒకే సందర్శనలో ఎన్నిసార్లు నొక్కినా ఒకటిగానే పడుతుంది. అసలు ఎవరు పంపారో తెలియడానికి ఇంకో ఏర్పాటు ఉంది: ప్రతి రాయి పేజీలోని బటనుకూ సందేశం ముందే రాసి ఉంటుంది, దాని చివర ఒక గుర్తు. బ్లాక్ గెలాక్సీ 2 సెంటీమీటర్ల స్లాబు పేజీ నుంచి వచ్చిన సందేశం చివర `BG20` అని ఉంటుంది, 3 సెంటీమీటర్లదైతే `BG30`. మీ అమ్మాయి వాట్సాప్ తెరవగానే వచ్చినాయన ఏ పేజీ చూసి అడుగుతున్నాడో తెలిసిపోతుంది. ఆ గుర్తును చెరిపేసి పంపేవారు కొందరుంటారు, వారి గురించి బెంగ అక్కర్లేదు.

మూడోది ఫోను, `call_click`. ఫోన్లలో చూస్తున్నవారికే లెక్క వేస్తుంది. కంప్యూటర్లో నంబరు మీద నొక్కితే ఫోను వెళ్ళదు కదా. ఇక్కడ మీ సాయం కావాలి. ఇప్పుడున్న నంబరు లారీల మీద ఉంది, ఒంగోలు రోడ్డు మీది బోర్డు మీద ఉంది, పాత విజిటింగ్ కార్డుల మీద ఉంది. అదే సైటులోనూ పెడితే మోగిన ఫోను ఎక్కడిదో దేవుడికే తెలియాలి. సైటు కోసం కొత్త సిమ్ తీసుకోండి. ఆ నంబరు ఇంకెక్కడా, పొరపాటున కూడా, రాయవద్దు. నెలాఖరున ఆ ఫోనులోని కాల్స్ జాబితాయే మన లెక్క. పెద్ద కంపెనీలు దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్లు కొంటాయి, మనకు ఒక సిమ్ చాలు.

సైజులు, ఫినిష్‌ల పీడీఎఫ్ ఎంతమంది దించుకున్నారో అనలిటిక్స్ `file_download` పేరుతో తానే చూసుకుంటుంది. దాన్ని లక్ష్యంగా పెట్టలేదు. మనతో పోటీపడే ఫ్యాక్టరీలవాళ్ళు కూడా దించుకుంటారు, వారి ఆసక్తిని మన విజయంగా రాసుకోవడం బాగుండదు.

ఒక్కో ఎంక్వయిరీకి ఇన్ని రూపాయలని విలువ కట్టమని మీ తమ్ముడు గారు అడిగారు. ఇప్పుడే వద్దని నా మాట. వంటగది బండ కోసం అరవై చదరపు అడుగులు అడిగేవారూ, నెలకో కంటెయినర్ అడిగేవారూ అదే ఫారం నింపుతారు. సగటు వేస్తే ఇద్దరికీ సంబంధంలేని అంకె వస్తుంది. కొంతకాలం రిజిస్టర్ నడిచాక దేశీయం, విదేశీయం విడివిడిగా కడదాం.

ఎక్కడి నుంచి వచ్చారు

గూగుల్‌లో వెతికి వచ్చేవారు తమంతట తామే గుర్తింపుతో వస్తారు. వారు ఏ మాటలు కొట్టి వెతికారన్నది సెర్చ్ కన్సోల్ చెబుతుంది, దాన్ని అనలిటిక్స్‌కు కలిపాను. ఫ్యాక్టరీ పేరు కొట్టి వచ్చినవారు ముందే మనల్ని ఎరిగినవారు. రాయి పేరు కొట్టి వచ్చినవారే సైటు తెచ్చిన కొత్తవారు. రెండింటినీ కలిపి చూడకూడదు.

మనం పంచే లింకులకు మాత్రం, ఏ దారిన వచ్చారో తెలిసేలా, తోక తగిలించాలి. సెప్టెంబరులో వెరోనాలో జరిగే రాళ్ళ ప్రదర్శన మార్మోమాక్‌కు మీరు తీసుకెళ్ళే కార్డుల మీది క్యూఆర్ కోడులో సైటు చిరునామా తర్వాత ఇలా ఉంటుంది:

```
?utm_source=card&utm_medium=qr&utm_campaign=marmomac
```

అన్నీ చిన్న అక్షరాలే. `Card` అనీ `card` అనీ రెండు రకాలుగా రాస్తే అవి రెండు వేర్వేరు దారులుగా పడతాయి. ఈ తోక మొదటిసారి వచ్చినప్పుడే ఆ వ్యక్తి బ్రౌజర్లో నిలిచిపోతుంది. పది రోజుల తర్వాత అదే ఫోనులో తిరిగి వచ్చి ఫారం నింపినా, ఆఫీసుకు వచ్చే మెయిల్ చివర `marmomac` అని ఉంటుంది.

ఐరోపా నుంచి చూసేవారికి కుకీల అనుమతి అడిగే పట్టీ వస్తుంది. వద్దన్నవారి లెక్క అనలిటిక్స్‌లో పూర్తిగా రాదు, వారి తోక కూడా నిలవదు. కాబట్టి మెయిల్‌కు వచ్చిన ఎంక్వయిరీలు తొమ్మిది ఉండి అనలిటిక్స్ ఏడు చూపిస్తే కంగారు పడవద్దు. మెయిల్‌దే నిజం.

మనవాళ్ళను మినహాయించడం

మొదటి వారం సైటును ఎక్కువగా చూసేది మనమే. ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ నుంచి వచ్చే రాకపోకలను పక్కన పెట్టాను. క్వారీ దగ్గరి మేస్త్రీలు, మార్కెటింగ్ కుర్రాళ్ళు మొబైల్ డేటా మీద చూస్తారు కాబట్టి ఆ జల్లెడ వారిని పట్టదు. వారికోసం ఒక లింకు పంపుతాను. ప్రతి ఒక్కరూ తమ ఫోనులో ఒక్కసారి తెరిస్తే, ఆ ఫోను అప్పటి నుంచి మనవాళ్ళదిగా గుర్తుంటుంది. ఈ జల్లెడను మొదటి వారం `Testing`లోనే ఉంచుతున్నాను. `Active` చేశాక అది తీసేసిన సమాచారం ఇక ఎప్పటికీ దొరకదు, అందుకే తొందరపడటం లేదు.

ఆఫీసు రిజిస్టర్

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఇది నా చేతిలో లేదు. అనలిటిక్స్ ఫారం దాకా చెబుతుంది. ఆ తర్వాత జరిగేది మీ ఆఫీసులో. మీ అమ్మాయికి ఒక షీట్ ఇచ్చాను: తేదీ, దారి, దేశీయమా విదేశీయమా, ఏ రాయి, ఎంత, కొటేషన్ వెళ్ళిన తేదీ, శాంపిల్ వెళ్ళిన తేదీ, అడ్వాన్సు. ఫారం, వాట్సాప్, కొత్త సిమ్, దేనిలో వచ్చినా అదే రోజు ఒక వరుస రాయాలి.

రాయి, సైజు, పరిమాణం, సరుకు చేరవలసిన ఊరు, వీటిలో కనీసం రెండు చెప్పినదే నిజమైన ఎంక్వయిరీ. ఉద్యోగం అడిగేవారు, యంత్రాల బ్లేడ్లు అమ్మేవారు, మీ సైటును గూగుల్ మొదటి పేజీకి తెస్తామనేవారు లెక్కలోకి రారు. ఈ చివరి రకం సోమవారం మధ్యాహ్నానికే మొదలవుతుంది, చూస్తూ ఉండండి.

మొదటి 90 రోజులకు మనం అనుకున్నది: నిజమైన ఎంక్వయిరీలు 25, వాటిలో కనీసం 8 విదేశాల నుంచి, కొటేషన్ దాకా వెళ్ళినవి 10. ఆర్డర్లకు అంకె పెట్టలేదు. 90 రోజుల్లో తేలే వ్యవహారం కాదది. కొటేషన్ ఆలస్యంగా వెళ్ళి బేరం పోతే దాన్ని సైటు ఖాతాలో వేయకుండా ఉండటానికే అడిగిన తేదీకీ కొటేషన్ తేదీకీ వేర్వేరు గడులు పెట్టాను. ఈ మాట ముందే చెబుతున్నందుకు ఏమీ అనుకోవద్దు.

సోమవారం ఉదయం పది గంటలకు నేను ఒంగోలు నుంచి వస్తాను. మీ ఫోనులోనే ఫారం నింపి, వాట్సాప్ నొక్కి, ఫోను చేసి, మూడూ, పడిన లెక్కను అప్పటికప్పుడు చూపే `DebugView`లో ఒక్కొక్కసారే పడ్డాయో లేదో కలిసి చూద్దాం. మామూలు నివేదికల్లోకి అంకెలు పూర్తిగా చేరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మొదటి నెల నేను చూసేది లెక్క సరిగా పడుతోందా అన్నదే, అంకె పెరిగిందా తగ్గిందా అన్నది కాదు. తర్వాత ప్రతి నెల అయిదో తేదీన ఒక పేజీ నివేదిక పంపుతాను. అందులో మొదటి వరుస రిజిస్టర్ నుంచే ఉంటుంది.

శనివారం సాయంత్రంలోగా మీ వైపు నుంచి కావలసినవి: కొత్త సిమ్ నంబరు, ఆ ఫోను ఎవరి దగ్గర ఉంటుందో వారి పేరు, కార్డులు అచ్చు వేసేవారి ఫోను నంబరు. కార్డులు ఇప్పటికే అచ్చుకు ఇచ్చి ఉంటే దయచేసి ఆపించండి, క్యూఆర్ కోడు మార్చాలి.