సోమవారం పలాసలో కలుద్దాం

శిరీష గారూ, నమస్కారం.

మన జీడిపప్పు ఫ్యాక్టరీ అకౌంట్స్ విభాగంలోకి మీకు స్వాగతం. మీరు చేరవలసిన రోజు జూలై 6, సోమవారం. ఉదయం తొమ్మిదిన్నరకల్లా ఆఫీసుకు రండి.

ఆధార్, పాన్, డిగ్రీ సర్టిఫికెట్ అసలువీ, ఒక్కో నకలూ తెచ్చుకోండి. అసలువి చూసి అప్పుడే ఇచ్చేస్తాం. బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ నకలు, రెండు ఫోటోలు, పాత ఉద్యోగం రిలీవింగ్ లెటర్ కూడా కావాలి. పీఎఫ్ యూఏఎన్ నంబరు మరవకండి. కొత్త నంబరు పుడితే రెండు ఖాతాలను కలపడం పెద్ద తలనొప్పి. ఆధార్‌లో, పాన్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ఈ వారంలోనే చూసుకోండి. తేడా ఉంటే ముందే చెప్పండి.

శ్రీకాకుళం నుంచి బస్సులో వస్తే కాశీబుగ్గ బస్టాండులో దిగండి. రైలైతే ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో ఎక్కాలి. దిగాక ఫోన్ చేస్తే మన వ్యాను వస్తుంది.

మొదటి రోజు లెక్కల పుస్తకాలు ముట్టనివ్వను! గింజలు ఉడికించడం నుంచి గ్రేడింగ్ దాకా ఫ్యాక్టరీ అంతా తిప్పి చూపిస్తాం. 240 రకానికీ 320 రకానికీ తేడా కళ్లారా చూస్తేనే బిల్లులు అర్థమవుతాయి. పౌనుకు తూగే పప్పుల సంఖ్య తక్కువైతే పప్పు పెద్దదన్నమాట, ధరా ఎక్కువే. కటింగ్ దగ్గర పెంకులు మాత్రం ముట్టుకోవద్దు, జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది. కాళ్లు కప్పే చెప్పులు వేసుకోండి. మధ్యాహ్న భోజనం మాదే.

సందేహాలుంటే ఈ నంబరుకే ఫోన్ చేయండి.

మేనేజర్, పలాస